కంపెనీ ఇచ్చిన పెన్షన్ కాగితంలో ఏం చూడాలి



ముత్తుకూరు, ఇందుకూరుపేట, అటు కోట, వాకాడు వైపు రొయ్యల ప్లాంట్లలో, హేచరీల్లో, మేత ఫ్యాక్టరీల్లో, కృష్ణపట్నం రేవులో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లలో చాలామందికి ఏదో ఒకరోజు ఆఫీసు నుంచి రెండు పేజీల కాగితం అందుతుంది. పైన కంపెనీ పేరు, దాని కింద "ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995: ముఖ్యాంశాలు" అని ఉంటుంది. ఎక్కువమంది దాన్ని మడతపెట్టి రేషన్ కార్డు ఉన్న కవరులో దాచేస్తారు. యాభై ఏడో ఏటనో, ఇంట్లో ఏదైనా కష్టం వచ్చినప్పుడో బయటికి తీస్తారు. అప్పటికి సరిచేసుకోగలిగినవి కొన్ని చేయి దాటిపోయి ఉంటాయి.

నేను చాలాకాలం ప్లాంటు ఆఫీసుల్లో హాజరు పుస్తకాలు, పీఎఫ్ రిటర్నులు రాసినవాణ్ణి. ఆ కాగితం ఎలా తయారవుతుందో తెలుసు. పథకం పుస్తకంలో నుంచి నాలుగు వాక్యాలు తీసి, బాగా కనిపించే ఒక ఉదాహరణ పెట్టి, కింద సంతకం చేసి పంచుతారు. అందులో మామూలుగా అబద్ధం ఉండదు. కానీ మీ లెక్క మాత్రం అందులో ఉండదు. మీ లెక్క పీఎఫ్ పాస్‌బుక్‌లో ఉంటుంది. అందుకే ఈ పూట కాగితాన్ని ఒక చేతిలో, పాస్‌బుక్‌ను ఇంకో చేతిలో పట్టుకుని చదవడం గురించి మాట్లాడతాను.

పాస్‌బుక్ ఎలా దొరుకుతుందంటే, మీ యూఏఎన్ నంబరుకు ఫోన్ నంబరు కలిపి ఉంటే పీఎఫ్ సంస్థ వెబ్‌సైటులో నెలవారీగా కనిపిస్తుంది. చిన్న ఫోనే ఉందనుకోండి, 7738299899 నంబరుకు EPFOHO UAN TEL అని మెసేజ్ పెడితే చివరి జమ వివరం తెలుగులో వస్తుంది. నెలవారీ పట్టిక కావాలంటే మాత్రం ఇంట్లో చదువుకునే పిల్లల చేతో, మీసేవలోనో తీయించుకోవాల్సిందే.

ముందు అర్హత. కాగితంలో "పదేళ్ల సర్వీసు ఉండాలి" అని ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. నిజమే, నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్లు కావాలి. చివర్లో మిగిలిన తునక ఆరు నెలలు, అంతకు మించి ఉంటే దాన్ని ఏడాదిగా లెక్కేస్తారు. కానీ ఈ పదేళ్లు ప్లాంటు గేటులో అడుగుపెట్టిన రోజు నుంచి కాదు, మీ పేరున పెన్షన్ ఖాతాలో డబ్బు పడడం మొదలైన నెల నుంచి. పీలింగ్ షెడ్డులో మొదటి రెండు మూడేళ్లు రోజు కూలీగా ఉంచి, ఆ తర్వాత పీఎఫ్‌లో చేర్చిన సందర్భాలు మన తీరంలో కొత్తేమీ కావు. కాగితం మీద "చేరిన తేదీ" చూసి సంతోషపడకండి. పాస్‌బుక్‌లో మొదటి జమ ఏ నెలదో చూడండి.

అర్హతలో ఇంకో మెలిక ఉంది. ఇది కుర్రవాళ్లకు తగులుతుంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే బేసిక్, డీఏ కలిపి 15,000 రూపాయలు దాటితే పెన్షన్ పథకంలోకి రారు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌కే పోతుంది. వాళ్లకూ అదే కాగితం పంచుతారు, అదే "పదేళ్లకు పెన్షన్" అన్న వాక్యం కనిపిస్తుంది. పాస్‌బుక్‌లో పెన్షన్ గడి సున్నా ఉంటే ఆ కాగితం మీది కాదన్నమాట.

ఇక లెక్క. ఇక్కడ కాస్త నిదానంగా పోదాం, ఎందుకంటే గొడవంతా ఇక్కడే.

కాగితంలో సూత్రం ఇలా ఉంటుంది: పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే జీతాన్ని, లెక్కలోకి వచ్చే సర్వీసుతో హెచ్చించి, 70తో భాగించాలి. దాని కింద ఒక ఉదాహరణ: జీతం 15,000, సర్వీసు 35 ఏళ్లు, పెన్షన్ నెలకు 7,500. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ ఆ ఉదాహరణలో ఉన్న మనిషి ఇంకా పుట్టలేదనే చెప్పాలి. జీతం పరిమితి 15,000 అయింది 2014 సెప్టెంబరులో. అంతకు ముందు 6,500, దానికి ముందు, 2001 మే దాకా, 5,000. ఇరవై ఏళ్లు దాటి 58కి రిటైరయినవాళ్లకు రెండేళ్లు అదనంగా కలుపుతారు గనక, 15,000 మీద 33 ఏళ్లు నిండితే 35 అవుతుంది. 2014 నుంచి 33 ఏళ్లంటే 2047. ఈ మధ్యలో రిటైరయ్యే ఎవరికీ ఆ 7,500 వర్తించదు. అధిక పెన్షన్‌కు ఉమ్మడి ఆప్షన్ ఇచ్చి, పూర్తి జీతం మీద వాటా కట్టినవాళ్ల లెక్క వేరు. ఆ విషయం మీద సుప్రీంకోర్టు తీర్పు 2022 నవంబరులో వచ్చింది. పరిమితికి లోబడి జీతం తీసుకునేవాళ్లకు దానితో పనిలేదు.

సూత్రంలో రెండే రెండు మాటలున్నాయి, జీతం, సర్వీసు. రెండింటికీ ఇంట్లో మనం అనుకునే అర్థం పనికిరాదు.

జీతం అంటే చేతికొచ్చేది కాదు. ఓవర్‌టైం కలవదు, ఇంటద్దె భత్యం కలవదు. బేసిక్, డీఏ, వాటి మీదే. అదీ చివరి నెలది కాదు, చివరి అరవై నెలల సగటు. 2014కు ముందు చివరి పన్నెండు నెలల సగటు తీసేవాళ్లు. ఇప్పటికీ కొన్ని కంపెనీలు పాత కాగితాన్నే జిరాక్సు తీసి ఇస్తుంటాయి. మీ కాగితంలో "12 నెలల సగటు" అని ఉంటే అది పదేళ్ల కిందటి కాగితమని గుర్తుపట్టండి.

పెన్షన్ జీతం ఎంతని ఆఫీసులో రాశారో తెలుసుకోవడానికి ఒక చిట్కా చెబుతాను. పాస్‌బుక్‌లో ప్రతి నెలకూ మూడు జమలుంటాయి. మీ వాటా, కంపెనీ వాటా, పెన్షన్ వాటా. కంపెనీ ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు, మిగతా 3.67 శాతం పీఎఫ్‌కు పోతుంది. 8.33 శాతమంటే పన్నెండో వంతు. కాబట్టి మూడో గడిలో ఉన్న అంకెను పన్నెండుతో హెచ్చిస్తే, ఆ నెల మీ పెన్షన్ జీతం ఎంతని లెక్కకట్టారో తేలిపోతుంది. 1,250 ఉంటే 15,000. 933 ఉంటే దాదాపు 11,200. జీతం చిట్టీలో బేసిక్, డీఏ 11,200 ఉండి, పాస్‌బుక్‌లో 700 కనిపిస్తే, ఆఫీసు 8,400 మీదే కట్టిందని అర్థం. అడగాల్సింది అప్పుడే, ఆ నెలలోనే.

ఇప్పుడు ఒక మనిషిని ఊహించుకుని లెక్క పూర్తిగా వేద్దాం. తీరం పక్క ఒక రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒక అక్క. 2008 జూన్ 1న పీఎఫ్‌లో చేరింది. 2026 మే 31కి 58 నిండాయి. మొత్తం పద్దెనిమిదేళ్లు. చివరి అరవై నెలల సగటు జీతం 11,200.

కాగితం పెట్టుకుని ఇంట్లో లెక్కేసుకుంటుంది కదా. 11,200ను 18తో హెచ్చించి 70తో భాగిస్తే 2,880 వస్తుంది. ఆ అంకె మీద ఆశ పెట్టుకుంటుంది. పీఎఫ్ ఆఫీసు లెక్క అలా ఉండదు. 2014 ఆగస్టు 31 దాకా చేసిన సర్వీసు ఒక ముక్క, ఆ తర్వాతది ఇంకో ముక్క. మొదటి ముక్కకు జీతం ఎంతున్నా 6,500 మించి తీసుకోరు, ఎందుకంటే అప్పటి పరిమితి అది. అక్కకు మొదటి ముక్క ఆరేళ్ల మూడు నెలలు. 6,500ను ఆరుంబాతికతో హెచ్చించి 70తో భాగిస్తే 580. రెండో ముక్క పదకొండేళ్ల తొమ్మిది నెలలు. 11,200ను 70తో భాగిస్తే ఏడాదికి 160 వస్తుంది. పదకొండుముప్పావుతో హెచ్చిస్తే 1,880. రెండూ కలిపితే 2,460. ఆఫీసు రోజులతో సహా లెక్కేస్తుంది గనక కొద్ది రూపాయలు అటూ ఇటూ ఉండొచ్చు.

"ఏందన్నా, పద్దెనిమిదేళ్లు చేస్తే ఇంతేనా?" అని అడిగేవాళ్లకు నా దగ్గర తీపి జవాబు లేదు. ఇంతే. ఇరవై ఏళ్లు నిండి ఉంటే అదనపు రెండేళ్లు కలిసేవి. పద్దెనిమిదికి అవి రావు. ఎవరికీ 1,000 రూపాయలకు తగ్గకూడదన్న కనీసం 2014 సెప్టెంబరు నుంచి ఉంది, అక్క దానికి పైనే ఉంది కాబట్టి ఆ నిబంధనతో ఆమెకు పనిలేదు. నేను చెప్పగలిగేది ఒకటే, ఈ 2,460 కూడా తగ్గిపోయే దారి ఒకటి మన తీరంలోనే ఉంది.

రొయ్యల ప్లాంటు పని చెరువుల పట్టుబడి మీద ఆధారపడి ఉంటుంది. సరుకు రాకపోతే లైను ఆగుతుంది. వైట్‌స్పాట్ వచ్చి చెరువులు ఖాళీ అయినా, వానల్లో తుపాను లేచినా, కొనేవాళ్లు వెనక్కి తగ్గినా, ప్లాంటు వారం పది రోజులు మూసి "పనిలేదు, రావద్దు" అంటుంది. ఆ రోజులకు కూలి లేదు. పీఎఫ్ రిటర్నులో అలాంటి రోజులకు ఒక గడి ఉంది, జీతం లేని రోజులు అని. ఆఫీసుల్లో దాన్ని ఎన్‌సీపీ అంటారు. పది రోజులు మూస్తే అక్కడ 10 రాయాలి.

ఆ గడిలో 10 రాస్తే ఏమవుతుంది? సర్వీసులో పది రోజులు తగ్గుతాయి. కానీ సగటు జీతం తగ్గదు. అరవై నెలల సగటు తీసేటప్పుడు మొత్తం జీతాన్ని జీతం వచ్చిన రోజులతోనే భాగించి, ముప్ఫైతో హెచ్చించాలని పథకంలోనే ఉంది. రాయకుండా సున్నా వదిలేస్తే? సర్వీసు నిండుగా కనిపిస్తుంది. కానీ ఆ నెల ముప్ఫై రోజులూ పనిచేసి 7,467 మాత్రమే సంపాదించినట్టు లెక్క. సగటు పడిపోతుంది.

రెండింటిలో ఏది నష్టమంటే, అది మూసిన రోజులు ఎప్పుడొచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్క ప్లాంటు చివరి ఐదేళ్లలో ఏడాదికి నలభై అయిదు రోజుల చొప్పున మూతపడిందనుకోండి. మొత్తం 225 రోజులు. సరిగ్గా రాస్తే రెండో ముక్క సర్వీసు పదకొండుముప్పావు నుంచి దాదాపు పదకొండేళ్ల నెలా ఇరవై రోజులకు తగ్గుతుంది, సగటు 11,200 అలాగే ఉంటుంది. ఆ ముక్కకు 1,781, మొత్తం 2,361. గుమస్తా సున్నా పెట్టేసి ఉంటే సర్వీసు తగ్గదు గానీ, సగటు 9,819కి దిగుతుంది. ఆ దిగిన సగటు చివరి ఐదేళ్లకే కాదు, పదకొండుముప్పావు ఏళ్లకూ అంటుకుంటుంది. ఆ ముక్కకు 1,648, మొత్తం 2,228. గడిలో ఒక అంకె రాయనందుకు నెలకు 133 రూపాయలు, బతికినంతకాలం. మూతలు మొదటి నుంచీ ఒకేలా ఉంటే రెండు దారులూ ఇంచుమించు ఒకటే అవుతాయి. చివరి ఐదేళ్లలోనే పని తగ్గినవాళ్లకు మాత్రం ఆ గడి చాలా ముఖ్యం. ఇది ఏ కంపెనీ కాగితంలోనూ నేను చూడలేదు. రాయాలని ఎవరికీ తోచి ఉండదు కూడా.

కనిపెట్టడం ఎలా? మూసిన నెలల పాస్‌బుక్ తీయండి. మూడో గడి 933 నుంచి 622కి పడిందా? పడితే, ఆ నెలకు జీతం లేని రోజులు ఎన్ని చూపారని ఆఫీసులో అడగండి. "సున్నా" అంటే తప్పు. హాజరు పుస్తకం మీ చేతిలో ఉండదు గనక, ప్లాంటు మూసిన తేదీలు ఇంట్లో క్యాలెండరు మీదో, పిల్లల నోట్‌బుక్ వెనకో రాసిపెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత అవి గుర్తుండవు.

సర్వీసు గురించి ఇంకొక్కటి చెప్పి వయసుకు వెళ్తాను. రేవులోనూ, నేలటూరు థర్మల్ కేంద్రంలోనూ కాంట్రాక్టరు మారితే మనిషి అక్కడే ఉన్నా పీఎఫ్ ఖాతా మారిపోతుంది. యూఏఎన్ అదే, దాని కింద సభ్యత్వ నంబరు కొత్తది. అప్పుడు చాలామంది పాత ఖాతాలో పెన్షన్ డబ్బు కూడా ఫారం 10సి పెట్టి తీసేసుకుంటారు. నాలుగేళ్ల సర్వీసుకు దాదాపు నాలుగు నెలల జీతం వస్తుంది. 11,200 జీతమైతే 44,800 దాకా. ఆ నాలుగేళ్లు సర్వీసులో నుంచి చెరిగిపోతాయి. మన లెక్కలో ఏడాదికి 160 చొప్పున నెలకు 640 రూపాయల పెన్షన్ పోయినట్టు. తీసుకున్న డబ్బు ఆరేళ్లు తిరక్కముందే చెల్లు, ఆ తర్వాత అంతా నష్టమే. పైగా అలా రెండుసార్లు తీసుకున్న మనిషికి యాభై అయిదేళ్లకు చూస్తే పదేళ్లే నిండవు, అర్హతే ఉండదు. కాంట్రాక్టరు మారినప్పుడు పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకోవాలి. పని మానేసి ఊళ్లో ఉంటే అదే ఫారం 10సిలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చు. చేసిన సర్వీసు దానిలో భద్రంగా ఉంటుంది, మళ్లీ ఎక్కడ చేరినా కలుస్తుంది.

వయసు. ఇక్కడ ఒకే కాగితంలో రెండు అంకెలుంటాయి, అదీ చిక్కు. "కంపెనీ రిటైర్మెంట్ వయసు 60" అని మొదటి పేజీలో, "పెన్షన్ వయసు 58" అని రెండో పేజీలో. కొన్నిచోట్ల ఒకటే ఉండి రెండోది మాయమవుతుంది. దానికి తోడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022లో 62 చేశారు కదా, మనకూ అంతేనేమో అనుకునేవాళ్లున్నారు. కంపెనీ మిమ్మల్ని ఎంతవరకు పనిలో ఉంచుకుంటుందన్నది కంపెనీ నిర్ణయం. పెన్షన్ పథకానికి మాత్రం 58 నిండిన రోజే హద్దు. ఆ తర్వాత మీరు పనిలోనే ఉన్నా పెన్షన్ వాటా ఆగిపోయి, కంపెనీ 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకి వెళ్లాలి. పని మానేయకుండానే పెన్షన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆఫీసులు ఇక్కడ తరచూ పొరబడతాయి. 58 దాటాక కూడా అలవాటుగా మూడో గడిలో డబ్బు వేస్తూ పోతాయి. ఎక్కువ పడింది, మంచిదే కదా అనుకోవద్దు. క్లెయిము పెట్టినప్పుడు అది తప్పు జమగా తేలి, ఆ డబ్బును పీఎఫ్‌కు మార్చేదాకా ఫైలు ఆగుతుంది. కాబట్టి 58 నిండిన మరుసటి నెల పాస్‌బుక్‌లో మూడో గడి ఖాళీ అయిందో లేదో చూసుకోండి.

అసలు ఏ రోజుకు 58 నిండుతాయన్నదే కొందరికి ప్రశ్న. మన పల్లెల్లో పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని ఉండడం సర్వసాధారణం. ప్లాంటులో చేరిన రోజు ఎవరో నోటిమాటగా ఇంకో తేదీ రాసి ఉంటారు. రెండూ కలవకపోతే ఆన్‌లైన్ క్లెయిము ముందుకు కదలదు. కనీసం రెండేళ్ల ముందే సరిచేయించుకోవాలి. చాలామందికి కంపెనీ ద్వారా దిద్దించాల్సిన సవరణ అది, కంపెనీ మూతపడ్డాక దాని కోసం తిరగడం మహా కష్టం.

58కి ముందే కావాలంటే, పని మానేసినవాళ్లకు యాభై నుంచీ ఇస్తారు. తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. యాభై ఏడుకు తీసుకుంటే 2,460లో 98 రూపాయలు పోతాయి, అది పెద్ద నష్టం కాదు. యాభైకే తీసుకుంటే మూడో వంతుకు దగ్గరగా పోతుంది, ఆ కోత 58 వచ్చాక ఆగదు, చివరిదాకా అంతే. దీనికి ఎదురుగా, 58కి తీసుకోకుండా అరవై దాకా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. ఆగడం లాభమా అని అడిగితే, నా ఉద్దేశంలో కాదు. రెండేళ్లు వదులుకున్నది 59,000 దాకా అవుతుంది, పెరిగేది నెలకు రెండొందలు. అది తిరిగి రాబట్టడానికి ఇరవై నాలుగేళ్లకు పైనే పడుతుంది. ఆ ఆశ పెట్టుకోకుండా 58కే తీసేసుకోమంటాను.

ఇంతకీ ఈ కాగితానికి చట్టంలో విలువెంత? అమెరికాలో ఉద్యోగం చేసే మన పిల్లలకు ఇలాంటి కాగితం చట్ట ప్రకారం వస్తుంది. 1974 నాటి అక్కడి చట్టం వల్ల, పథకంలో చేరిన తొంభై రోజుల్లోగా, మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో సంగ్రహం ఇచ్చి తీరాలి. అయినా ఆ సంగ్రహమే పథకం కాదని అక్కడి సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. మన దగ్గర అలాంటి సంగ్రహం ఇవ్వమని బలవంతం లేదు, కంపెనీ ఇచ్చేది దాని మర్యాద. కాగితంలో ఒకటి, పథకంలో ఒకటి ఉంటే పథకం మాటే నెగ్గుతుంది. ఒక్కోసారి అది మీకు మేలే. "మా కంపెనీలో ఇరవై ఏళ్లు చేస్తేనే పెన్షన్" అని ఎవరైనా కాగితంలో రాసినా, పదేళ్ల హక్కు ఎక్కడికీ పోదు.

చివరగా క్లెయిము. కాగితంలో "ఫారం 10డి సమర్పించవలెను" అని ఉంటుంది, అంతే. పీఎఫ్ డబ్బుకు ఫారం 19, నెలవారీ పెన్షన్‌కు 10డి. ఈ రెండూ వేరు. 19 పెట్టి డబ్బు వచ్చాక పెన్షన్ దానంతటదే మొదలవుతుందని ఎదురుచూసినవాళ్లున్నారు. మొదలవదు.

10డి పెట్టేముందు సరిచూసుకోవాల్సినవి ఇవి. యూఏఎన్‌కు ఆధార్, బ్యాంకు ఖాతా కలిసి ఉండాలి. ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు అక్షరం అక్షరం ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా అభ్యంతరం పెడతారు. పని మానేసినవాళ్లకు మానిన తేదీ నమోదై ఉండాలి. కంపెనీ వేయకపోతే, చివరి జమ తర్వాత రెండు నెలలు గడిచాక మీరే వెబ్‌సైటులో వేసుకోవచ్చు. పాత కాంట్రాక్టర్ల ఖాతాలన్నీ ఒకే ఖాతాలోకి బదిలీ అయి ఉండాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి దిగిన ఫోటో, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, ఇరవై అయిదు లోపు పిల్లలుంటే వాళ్ల పుట్టినతేదీ రుజువులు దగ్గర ఉంచుకోండి.

భార్యాభర్తల ఫోటో ఎందుకని కొందరు మొహమాటపడతారు. పెన్షన్ తీసుకునే మనిషి పోయాక అందులో సగం భార్యకో భర్తకో వస్తుంది. ఆ రోజు ఆ ఫోటో, ఆ పేరే ఆధారం. అందుకే కుటుంబ వివరాలు ఇప్పుడే నింపాలి. ఇంకో సంగతి, సర్వీసులో ఉండగానే మనిషి పోతే పదేళ్ల నిబంధన అడ్డురాదు. ఒక్క నెల వాటా పడి ఉన్నా కుటుంబ పెన్షన్‌కు హక్కుంది. పోయిన మనిషి పిల్లలకు, ఇద్దరి దాకా, ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు విడిగా ఇస్తారు. ఇది కూడా అదే 10డి ఫారంతోనే.

అన్నీ సరిగా ఉంటే క్లెయిము తేల్చడానికి 20 రోజులు. పెన్షన్ మంజూరైందని ఆర్డరు, దాని మీద పీపీఓ నంబరు వస్తుంది. ఆ కాగితం వచ్చిన రోజే పైన చెప్పిన లెక్కతో పోల్చి చూడండి. అందులో సర్వీసు ఎంత, జీతం లేని రోజులు ఎన్ని, సగటు జీతం ఎంత అన్నవి చూసుకోవాలి. తేడా ఉంటే జీతం చిట్టీలు, పాస్‌బుక్ జత చేసి పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైటులో పెట్టొచ్చు. నెలనెలా 27న జిల్లాల్లో పీఎఫ్ అధికారులే వచ్చి కూర్చునే "నిధి ఆప్‌కే నికట్" శిబిరానికైనా వెళ్లొచ్చు. 27 సెలవైతే మరుసటి పనిరోజు.

2025 జనవరి నుంచి పెన్షన్ దేశంలో ఏ బ్యాంకు ఖాతాలోనైనా పడుతుంది. కొడుకు దగ్గరికి చెన్నై వెళ్లినా, కూతురి ఊరు వెళ్లినా ఆర్డరు మార్పించే పనిలేదు. ఏడాదికోసారి బతికున్నట్టు ధ్రువపత్రం ఇస్తే చాలు. అది నవంబరులోనే ఇవ్వాలన్న పాత నియమం ఇప్పుడు లేదు. ఏ నెలలో ఇస్తే ఆ నెల నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది. వేలిముద్ర పడని చేతులైతే, ఏళ్ల తరబడి ఐసులో రొయ్యలు వలిచిన వేళ్లకు అది మామూలే, ఫోన్‌లో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు.